బావగారు అప్పు అడిగినప్పుడు కాదని చెప్పడం ఎలా

ప్రశ్న: మా అక్క భర్త తణుకులో ఐరన్, సిమెంటు కొట్టు నడుపుతున్నారు. నిన్న ఫోన్ చేసి 5 లక్షలు సర్దమని, ఏడాదిలో వడ్డీతో సహా ఇచ్చేస్తానని అడిగారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 78 వేలు వస్తుంది, ఇంటి లోను ఈఎంఐ 27 వేలు. 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందని ఆయనకు తెలుసు. ఇవ్వడం నాకూ నా భార్యకూ ఇష్టం లేదు. కానీ కాదంటే అక్కకు ఆ ఇంట్లో ఇబ్బంది అవుతుందేమోనని భయంగా ఉంది. మేనకోడలు బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. మాట పోకుండా ఎలా చెప్పాలి?

సమాధానం:

నేను పశ్చిమ గోదావరి పల్లెల్లో, చిన్న పట్టణాల్లో 31 ఏళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి, బ్రాంచి మేనేజరుగా పదవీ విరమణ చేశాను. బంధువుల మధ్య నడిచిన అప్పులు ఎలా మొదలై ఎలా ముగుస్తాయో ఆ కుర్చీలో కూర్చుని చాలా చూశాను, మా ఇంట్లోనూ చూశాను. మీరు ఆయనకు ఇంకా జవాబు చెప్పలేదని అనుకుని రాస్తున్నాను. ఒకవేళ నిన్న ఫోన్‌లో "చూద్దాం బావగారూ" అని ఉంటే మాత్రం ముందు దానిని ఈరోజే సరిచేయండి.

ఎందుకంటే మన వైపు "చూద్దాం" అన్న మాటను ఎవరూ కాదు అని అర్థం చేసుకోరు. అడిగినవాడు అవసరంలో ఉంటాడు కనుక ఆ మాటను సగం ఒప్పుకోలుగా తీసుకుని, దాని మీద తన ఏర్పాట్లు చేసుకుంటాడు. పాతికేళ్ళ క్రితం మా మేనమామ కొడుకు ఇంటి స్థలం కొనడానికి 2 లక్షలు అడిగితే, మొహం మీద కాదనలేక "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. ఆయన ఆ మాట పట్టుకుని స్థలం వాళ్ళకు 25 వేలు బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాయించుకున్నాడు. గడువు దగ్గర పడ్డాక నేను లేవన్నాను. బయానా పోయింది. ఆ తర్వాత మా మధ్య దాదాపు ఆరేళ్ళు మాటలు లేవు. ఆయన కోపం నేను డబ్బు ఇవ్వనందుకు కాదని, ముందే చెప్పి ఉంటే ఆ పాతిక వేలు మిగిలేవి కదా అన్నదే ఆయన బాధ అని చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇప్పుడు ఫోన్‌లో చెప్పవలసింది ఒక్కటే: "బావగారూ, ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు. ఆదివారం నేనే తణుకు వస్తాను. ఈలోగా నా డబ్బు వస్తుందనుకుని ఎవరికీ మాట ఇవ్వకండి." ఆ చివరి వాక్యం కొంచెం కటువుగా తోచినా తప్పకుండా అనండి. ఆయనను కాపాడేది అదే.

ఆదివారం లోపల మీరు చేసుకోవలసిన పని రెండు చోట్ల ఉంది. మొదటిది మీ అమ్మగారి దగ్గర. మీ కుటుంబం బావగారికి ఎప్పుడైనా, ఏ రూపంలోనైనా బాకీ పడి ఉందా అని ఆవిడను అడిగి తెలుసుకోండి. మీ నాన్నగారి ఆసుపత్రి ఖర్చుకో, మీ చదువుకో, మీ పెళ్ళికో ఆయన చేతి నుంచి డబ్బు వచ్చి, అది తిరిగి వెళ్ళకుండా ఉండిపోయి ఉండవచ్చు. ఇచ్చినవాళ్ళు మరచిపోరు, పుచ్చుకున్న ఇంట్లో పిల్లలకు తెలియనే తెలియదు. అలాంటిది ఉన్నట్లయితే ఆ మొత్తాన్ని ఇప్పుడే తీర్చేయండి. అది మీరు ఇచ్చే అప్పూ కాదు, సాయమూ కాదు, తిరిగి ఇవ్వవలసినది ఇవ్వడం. అది ఇవ్వకుండా మీరు ఎంత మర్యాదగా కాదన్నా ఆ మర్యాదకు విలువ ఉండదు.

ఇంకొక సంగతి కూడా అమ్మగారితోనే మాట్లాడాలి. ఊళ్ళో నాన్నగారి పేరున ఇల్లో పొలమో పంచకుండా ఉందా? నాన్నగారు వీలునామా లేకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూడా 2005 సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది. మన ఇళ్ళల్లో ఈ ప్రస్తావనను ఎవరూ నేరుగా తేరు. కానీ కొన్నిసార్లు అల్లుడు అడిగే "అప్పు" వెనుక "మా ఆవిడ వాటా సంగతి ఎవరూ ఎత్తరేం" అన్న మాట దాగి ఉంటుంది. అలాంటప్పుడు అప్పును కాదని ఊరుకుంటే ఆయనకు రెండు విషయాలు కాదన్నట్టు వినపడుతుంది. కాబట్టి, ఆస్తి ఉన్నట్లయితే, ఆ విషయం వేరుగా అక్కతో కూర్చుని మాట్లాడతామని మీరే చెప్పి, అప్పు సంగతిని దాని నుంచి విడదీయండి.

రెండవది మీ భార్యతో మాట్లాడుకోవడం. ఇవ్వకూడదని ఇద్దరూ అనుకున్నారు కనుక, ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. ఆ మాట మీ నోటి నుంచే రావాలి. "మా ఆవిడ ఒప్పుకోవడం లేదు బావగారూ" అని తప్పుకునే మగవాళ్ళను నేను ఎందరినో చూశాను. ఆ క్షణంలో అది సులువుగా ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి ఆ కుటుంబంలో జరిగే ప్రతి పెళ్ళిలో, ప్రతి నోములో ఆ అమ్మాయి "డబ్బు దగ్గర అడ్డుపడిన మనిషి"గానే మిగిలిపోతుంది. మీ అక్కకూ మీ భార్యకూ మధ్య వచ్చిన ఆ గీతను మీరు తర్వాత చెరపలేరు.

ఇక కారణం సంగతి. లేని కారణం చెప్పకండి. చేతిలో డబ్బు లేదని అన్నారంటే, డిపాజిట్ ఉందని ఆయనకు ముందే తెలుసు. డిపాజిట్ గడువు తీరలేదంటే, దాని మీద బ్యాంకులో లోను దొరుకుతుందని వ్యాపారం చేసే మనిషికి మీకంటే బాగా తెలుసు. మీరు చెప్పిన కారణం పరిష్కారం ఉన్నదైతే ఆయన ఆ పరిష్కారాన్ని మీ ముందు పెడతారు, మీరు ఇంకొక కారణం వెతుక్కుంటారు, మూడో కారణం దగ్గరకు వచ్చేసరికి ఇది కారణాల సంగతి కాదని ఇద్దరికీ అర్థమై మనసు విరుగుతుంది. పరిష్కారం అవసరం లేని కారణం ఒకటే ఉంది. అది మీ కట్టుబాటు: "బంధువుల మధ్య అప్పు పెట్టుకోకూడదని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆ డిపాజిట్ అమ్మ వైద్యానికీ, నా ఉద్యోగం పోతే ఈఎంఐలకూ పెట్టుకున్నది." మీ లెక్కలో అది నిజం కూడా. ఇల్లు గడవడానికి, ఈఎంఐకి కలిపి నెలకు 60 వేలు అనుకుంటే 6 లక్షలు మీకు పది నెలల ఆధారం. అందులో 5 లక్షలు వెళ్ళిపోతే రెండు నెలలకు కూడా చాలదు. అయితే ఈ కట్టుబాటు చెప్పాక దానికి మీరు నిలబడాలి. ఆరు నెలల తర్వాత మీ బావమరిదికి 2 లక్షలు సర్దితే ఆ సంగతి వారం తిరక్కుండా తణుకు చేరుతుంది.

మనవాళ్ళు తరచుగా అనుకునేది, "ఇచ్చేస్తే బంధం నిలుస్తుంది కదా" అని. ఇచ్చిన తర్వాత ఏమి జరుగుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. మొదటి సంక్రాంతికి మీరు వాళ్ళింటికి వెళతారు. హాల్లో కొత్త టీవీ కనిపిస్తుంది. అది పాత టీవీ పాడైపోతే వాయిదాల మీద తెచ్చుకున్నదే కావచ్చు. కానీ మీ కన్ను దాని ధర కడుతుంది. అక్క కట్టుకున్న పట్టుచీర కొత్తదా, పాతదా అని మీకు తెలియకుండానే ఆలోచిస్తారు. బావగారు మీ చూపును గమనిస్తారు. తర్వాతి ఏడు ఆయన ఏదో పని ఉందని ఊళ్ళో లేకుండా పోతారు. అప్పు తీరక ముందే రాకపోకలు తగ్గిపోవడం నేను చూసిన ప్రతి చోటా ఇంచుమించు ఇలాగే మొదలైంది.

కాదన్న తర్వాత రెండు మెట్లు ఉంటాయి, వాటికి కూడా ముందే సిద్ధంగా ఉండండి. మొదటిది, "పోనీ నీ పేరున పర్సనల్ లోను తీసి ఇవ్వు, ఈఎంఐ నేను కట్టుకుంటాను" అనడం. 5 లక్షలు ఐదేళ్ళకు 12 శాతం వడ్డీకి తీస్తే నెలకు సుమారు 11,100 కట్టాలి. మొదటి నాలుగు నెలలు ఆయన మూడో తారీఖుకే పంపుతారు, తర్వాత పన్నెండో తారీఖుకు, ఆ తర్వాత "ఈ నెల నువ్వు కట్టెయ్యి, వచ్చే నెల రెండూ కలిపి ఇస్తాను" అంటారు. ఆయన మోసగాడు కానక్కరలేదు, కొట్టులో అమ్మకాలు పడిపోతే చాలు. బ్యాంకుకు మాత్రం మీరు తప్ప వేరెవరూ తెలియదు. రెండవ మెట్టు ఇంతకంటే మెత్తగా ఉంటుంది: "డబ్బు వద్దులే, చీటీ పాడుకున్నాను, ఒక్క ష్యూరిటీ సంతకం పెట్టు చాలు." డబ్బు కాదన్న మొహమాటంలో ఈ సంతకం పెట్టేవాళ్ళు చాలామంది. హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ చెబుతుంది. అంటే ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, ముందు ఆయన మీదకు వెళ్ళి, ఆయన దగ్గర రాకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం ఏమీ లేదు. జీతగాడి దగ్గర వసూలు తేలిక కనుక నోటీసు ముందు మీకే వస్తుంది. నా బ్రాంచిలో ఒక టీచరు గారు తోడల్లుడి లోనుకు హామీ ఉండి, సొంత ఇంటి లోనుకు వచ్చినప్పుడు ఆ పాత బాకీ ఆయన రికార్డులో కనిపించి, నేనే ఆయన దరఖాస్తును ఆపవలసి వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. డబ్బు ఇస్తే పోయేది ఎంతో మీకు తెలుస్తుంది. సంతకం పెడితే అసలు, వడ్డీ, కోర్టు ఖర్చులు ఎంతవరకు పెరుగుతాయో కూడా తెలియదు. కాబట్టి ఈ రెండింటికీ జవాబు ఒకటే: "నా పేరున అప్పూ, నా సంతకమూ కూడా అదే కట్టుబాటులోకి వస్తాయి బావగారూ."

ఇప్పుడు మీరు చేయగలిగిన సాయం గురించి. ఇక్కడ మీకు ఒక మంచి దారి ఉంది, అది మీ ప్రశ్నలోనే ఉంది. మీరు ఆ ఇంటి పిల్లకు మేనమామ. బావమరిది దగ్గర చేయి చాచడం బావగారికి చిన్నతనం, మిగిలిన డబ్బు ముష్టిలా పుచ్చుకోవడం అంతకంటే చిన్నతనం. కానీ మేనకోడలి చదువుకు మేనమామ ఇవ్వడాన్ని మన సమాజంలో ఎవరూ సాయం అనరు, అది మేనమామ హక్కు. ఓణీల వేడుకలో బట్టలు పెట్టిన చేయి కాలేజీ ఫీజు కడితే ఆయన తల దించుకోనవసరం లేదు, మీరు తిరిగి రావాలని ఎదురు చూడనవసరం లేదు. ఈ ఏడాది ఫీజులో ఒక భాగాన్ని, మీ లెక్కలో 50, 60 వేలకు మించకుండా, మీరు కడతానని చెప్పండి. ఎంత అన్నది ఇలా తేల్చుకోండి: ఆ మొత్తం గురించి ఇక ఎవరూ ఎప్పుడూ ఎత్తకపోయినా, వచ్చే సంక్రాంతికి ఆ కొత్త టీవీ చూసి మీకు ఏమీ అనిపించకూడదు. 60 వేలకు అనిపిస్తుందనుకుంటే 40 వేలు అనండి.

దానిని కాలేజీకి నేరుగా కట్టండి, డబ్బుగా చేతికి ఇవ్వకండి. కొట్టులో ఒత్తిడి ఉన్నప్పుడు చేతికి వచ్చిన నోట్లు ఆ సాయంత్రమే వడ్డీవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోతాయి, ఫీజు గడువు వచ్చేసరికి మళ్ళీ మీ ఫోన్ మోగుతుంది. "ఉన్నప్పుడు ఇవ్వండిలే" అన్న మాట మాత్రం అనకండి. మర్యాదకు అంటాము కానీ, ఆ ఒక్క మాటతో మీ బహుమానం కాస్తా వడ్డీ లేని అప్పు అయిపోతుంది, మళ్ళీ అదే టీవీ, అదే చూపు.

రెండవ సాయం మీ సమయం. నా అనుభవంలో ఇది డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చింది, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మా తోడల్లుడికి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉండేది. ఆయన నన్ను 4 లక్షలు అడిగాడు. అప్పు ఇవ్వనని చెప్పి, కొట్టు మూసిన తర్వాత ఒక రాత్రి ఆయన పక్కన కూర్చుని, తెల్ల కాగితం మీద బాకీలన్నీ రాయించాను. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, హోల్‌సేల్ డీలరుకు 90 వేలు, పిల్లవాడి కాలేజీ ఫీజు 60 వేలు. అన్నీ కలిపి 4 లక్షలు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఇద్దరికీ కనిపించింది. అందులో ఊపిరి ఆడనివ్వనిది ఒకటే, మొదటి లక్షన్నర. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, నెలకు 4,500 వడ్డీకే పోతోంది. డీలరు వడ్డీ అడగడం లేదు కానీ సరుకు ఆపేశాడు. సరుకు లేక అమ్మకం లేదు, అమ్మకం లేక వడ్డీ కట్టడం లేదు.

ఇంకో పుస్తకం తీయమన్నాను, ఖాతా పుస్తకం. ఎలక్ట్రీషియన్లకు, మేస్త్రీలకు అరువిచ్చినవి కూడితే 2 లక్షల పైచిలుకు తేలింది. తనకు రావలసింది వదిలేసి బంధువులను అడుగుతున్నానన్న సంగతి ఆయనకు ఆ రాత్రి వరకు తట్టలేదు. మొహమాటమే కారణం. ఆ తర్వాత జరిగింది ఇది. మా మరదలు తన ఇష్టంతో నగలు బ్యాంకులో పెట్టి లక్షన్నర గోల్డ్ లోను తీసుకుని మూడు రూపాయల అప్పు కొట్టేసింది. 9, 10 శాతం వడ్డీకి నెలకు 4,500 పోయే చోట సుమారు 1,200 అయింది. ఫీజు 60 వేలు నేను కాలేజీకి కట్టాను. ఖాతా బాకీలలో రెండు నెలలలో వచ్చిన 70 వేలు డీలరుకు ఇస్తే ఆయన సరుకు వదిలాడు. రెండు రూపాయల లక్ష మాత్రం వెంటనే తీరలేదు, ఏడాదిన్నర పట్టింది. నేను 4 లక్షలు ఇచ్చి ఉంటే ఆ ఖాతా పుస్తకం ఎవరూ తెరిచేవాళ్ళు కాదు.

మీరు కూర్చున్నప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: నోటు ఎప్పుడు తిరగరాశారు? ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు కనుక, వాయిదా దాటకుండా వడ్డీవాళ్ళు కొత్త నోటు రాయించుకుంటారు. అప్పుడు కట్టని వడ్డీని అసలులో కలిపేస్తారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు మూడేళ్ళ వడ్డీ 72 వేలు, కొత్త నోటు 1,72,000. అప్పు తెచ్చిన మనిషి ఇంకా "లక్షే కదా" అన్న లెక్కలో ఉంటాడు. బావగారు చెప్పే 5 లక్షలు నిజంగా ఎంతో ఇక్కడే తేలుతుంది.

నగల మాటను మాత్రం మీరు బావగారి ముందు ఎత్తకండి. అవి అక్కవి. పెట్టాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం, తమ్ముడు సూచించాడని ఆవిడ మీద ఒత్తిడి రాకూడదు. అక్క ఒంటరిగా ఉన్నప్పుడు, ఆవిడ అడిగితేనే లెక్క చెప్పండి. కొట్టు సరుకు కోసమైతే బ్యాంకులో ముద్ర లోను ఉంది. కిశోర్ విభాగంలో 50 వేల నుంచి 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. దానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, కొట్టు లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ ఉంటే ఆ రిటర్నులు, సరుకు కొటేషను కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రుసుము తీసుకోదు, దానికి డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మవద్దు. ఇది సరుకుకు ఇచ్చే లోను, చేబదుళ్ళు తీర్చడానికి కాదు. మేనేజరుకు ఆ సంగతి దాచి తీసుకుంటే తర్వాత చిక్కు. ఒక రోజు సెలవు పెట్టి, కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఆయనతో పాటు బ్యాంకుకు వెళ్ళండి. పక్కన మనిషి ఉండడం ఆయనకు ధైర్యం.

ఆదివారం మాట్లాడే తీరు. అక్కతో కబురు పంపకండి, ఆవిడను మధ్యవర్తిని చేస్తే కాదన్న మాట ఆవిడ నోటి నుంచి వచ్చినట్టవుతుంది. భోజనాల దగ్గర, పిల్లల ముందు, వాళ్ళ అమ్మగారి ముందు వద్దు. కాఫీ అయ్యాక "కొట్టు దాకా వెళ్ళొద్దాం రండి" అని ఆయనను ఒంటరిగా తీసుకువెళ్ళి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పండి: "బావగారూ, మీరు నన్ను అడగడం నాకు చిన్న విషయం కాదు. నన్ను సొంత మనిషి అనుకున్నారు కాబట్టే అడిగారు. ఆ 5 లక్షలు అప్పుగా నేను ఇవ్వలేను. మన మధ్య అప్పు ఉంటే రేపు నేను ఈ ఇంటికి ఇలా రాలేను. పాప ఈ ఏటి ఫీజులో 50 వేలు మేనమామగా నేను కడతాను, అది మీరు తిరిగి ఇవ్వవలసింది కాదు. మిగిలిన దానికి దారి ఏమిటో ఈ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం, మీకు అభ్యంతరం లేకపోతే." ఇంతే. దీనికి క్షమాపణలు కలపకండి. నాలుగుసార్లు "ఏమీ అనుకోకండి" అంటే ఏదో అనుకోవలసినది ఉందని ఆయనకు అనిపిస్తుంది.

ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. "సరేలే, నీ ఇష్టం" అని లేచిపోవచ్చు. ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి "పోనీ ఒక లక్ష సర్దుతాను" అని జారిపోకండి, చాలామంది జారేది అక్కడే. లెక్క చూడడానికి ఆయన ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు, ఆ మాట తెరిచే ఉంచండి. అయితే బాకీల జాబితా చెప్పడానికి అసలు ఒప్పుకోకపోవడం, రెండు రోజుల్లో కావాలని తొందరపెట్టడం, ఒక్కొక్క బంధువుకు ఒక్కొక్క కారణం చెప్పి ఉండడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే కొట్టు బాకీలు కాక ఆన్‌లైన్ పందెమో, లోన్ యాపో, షేర్లో ఇంకేదైనా ఉండవచ్చు. అప్పుడు ఫీజు తప్ప వేరే ఏ సాయమూ మొదలుపెట్టకుండా, ముందు అక్కకు సంగతి తెలుసో లేదో చూడండి.

మీ అక్కకు అదే సాయంత్రం, తిరుగు ప్రయాణానికి ముందు, బావగారితో ఏమన్నారో అదే మాటల్లో చెప్పండి. ఆవిడకు వేరేగా, మెత్తగా, "బావ తొందరపడుతున్నాడక్కా" వంటి మాటలేవీ కలిపి చెప్పవద్దు. భార్యాభర్తలు రాత్రి ఆ మాటలు పోల్చుకుంటారు. ఇద్దరికీ ఒకే మాట వినపడితే ఆవిడ మీద నెపం పడే అవకాశం తగ్గుతుంది. ఆయన మిమ్మల్ని అడిగిన సంగతి మీ బాబాయిలకు, పిన్నులకు ఎవరికీ చెప్పకండి. కాదనడాన్ని ఆయన మరచిపోగలరు కానీ, నలుగురిలో తెలిసిపోవడాన్ని మరచిపోలేరు.

హైదరాబాదు చేరిన మూడో రోజు ఆయనకే ఫోన్ చేయండి, డబ్బు కాని సంగతి మీద. కొట్టుకు సరుకు వచ్చిందా అనో, మీ వీధిలో స్లాబు వేస్తున్నారు, ఐరన్ రేటెంత అనో అడగండి. కాదన్న మనిషి మొహమాటంతో ఫోన్లు తగ్గించడమే అవతలివాళ్ళకు తిరస్కారంలా కనిపిస్తుంది. ఫీజు గడువు ఎప్పుడో మేనకోడలినే అడిగి తెలుసుకుని, దానికి వారం ముందే కట్టి, రసీదును ఆ పిల్ల ఫోన్‌కు పంపి, "నాన్నకు చూపించమ్మా" అనండి.